ఉగ్గుగిన్నెలో ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు, తేనె ఎందుకు అసలే వద్దు

మా చెల్లెలికి పాప పుట్టిన 20వ రోజున అమ్మ సూర్యాపేట నుంచి ఉప్పల్‌లో వాళ్ల ఫ్లాట్‌కు వచ్చింది. మర్నాడే బారసాల. కాళ్లు కడుక్కోగానే సంచీ విప్పి ఒక్కొక్కటే వంటింటి గట్టు మీద పెట్టింది. పాత ఇత్తడి ఉగ్గుగిన్నె, అరచేతంత సానరాయి, నాలుగు వసకొమ్ములు, ఒక జాజికాయ, కరక్కాయలు, వాము, ఆముదం సీసా, ముద్దకర్పూరం పొట్లం, అన్నిటికంటే చివర పేపర్లో చుట్టిన తేనె సీసా. ఊళ్లో తెలిసినాయన పట్టు కోసి ఆమె ఎదురుగానే పిండి ఇచ్చాడట. "అసలు తేనె బిడ్డా, మీ హైదరాబాద్‌ల దొరకది" అంది.

పిల్లల వార్డులో నర్సుగా పద్నాలుగేళ్లు చేసినదాన్ని కాబట్టి ఆ గట్టు మీద ఉన్నవాటిలో ఏది ఎక్కడికి తీసుకెళ్తుందో నాకు తెలుసు. అలాగని సంచీ మొత్తం తీసుకెళ్లి చెత్తబుట్టలో పోయమని చెప్పను. అందులో కొన్ని పనికొస్తాయి, కొన్ని ఇప్పుడు కాదు తర్వాత పనికొస్తాయి, కొన్ని ఇంట్లోనే ఉండకూడదు. మీ ఇంటికి కూడా ఇలాంటి సంచీ వచ్చే ఉంటుంది, లేదా రేపోమాపో వస్తుంది. దాన్ని ఎలా వేరుచేయాలో చెబుతాను.

ముందు వయసు చూడండి

మందు పేరు తర్వాత సంగతి. పిల్ల వయసు రెండు గీతల్లో ఎక్కడుందో చూడండి. మొదటి గీత ఆరు నెలలు, రెండోది ఏడాది.

ఆరు నెలలు నిండేదాకా నోట్లోకి తల్లిపాలు, డాక్టరు రాసిన మందులు తప్ప ఇంకేమీ వెళ్లకూడదు. కాచి చల్లార్చిన నీళ్లూ వద్దు, వాము నీళ్లూ వద్దు, గ్రైప్‌వాటరూ వద్దు. తల్లిపాలు చాలక డబ్బాపాలు పడుతుంటే అవి, అంతే. మే నెల ఎండల్లో కూడా నీళ్లు అక్కర్లేదు, పాలలోనే కావలసినంత నీరుంది. ఈ ఒక్క నియమం పాటిస్తే సంచీలో సగానికి సగం సామాను దానంతటదే పక్కకు పోతుంది.

ఆరు నెలల తర్వాత ఉగ్గు మొదలవుతుంది. అప్పుడు వాము, జీలకర్ర, మిరియం లాంటివి వంటలో చిటికెడు పడితే తప్పులేదు. అవి మందుగా కాదు, తిండిలో భాగంగా వెళ్తాయి. ఏడాది నిండాకే తేనె.

తేనె సంగతి వివరంగా

తేనెతో వచ్చే జబ్బు పేరు బొటులిజం. క్లాస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది. దానికి బతకడానికి వీలుకాని చోట గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా మారి నిద్రపోతుంది. ఈ నిద్రపోయే రూపాన్ని స్పోర్ అంటారు. ధూళితో పాటు అవి పూల మీదికి, తేనెటీగల మీదికి, అక్కడి నుంచి పట్టులోకి చేరతాయి. తేనె చిక్కన, అందులో నీరు తక్కువ, కాబట్టి అక్కడ మొలకెత్తలేవు. చావవు కూడా. అలాగే పడి ఉంటాయి.

మనం ఆ తేనె తింటే ఏమీ కాదు. మన పేగుల్లో అప్పటికే కోట్ల కొద్దీ మంచి బ్యాక్టీరియా కాపురముంటుంది, కొత్తవాటికి చోటివ్వదు. స్పోర్లు అలాగే బయటికి పోతాయి. చంటిపిల్ల పేగుల్లో ఆ కాపురం ఇంకా కుదరలేదు. అక్కడ గాలి లేదు, తడి ఉంది, వెచ్చగా ఉంది, అడ్డుకునేవాళ్లు లేరు. విత్తనం మొలకెత్తుతుంది, పెరుగుతుంది, విషం వదులుతుంది. నరం చివర నుంచి కండరానికి "కదులు" అని కబురు తీసుకెళ్లే రసాయనాన్ని ఆ విషం అక్కడే ఆపేస్తుంది. నరం బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, మధ్యలో కబురు అందదు. పిల్ల మెత్తబడిపోతుంది. వైద్యులు దీన్ని పసిపిల్లల్లో ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది 1976లోనే. కాబట్టి మన అమ్మమ్మలకు దీని పేరు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు.

ఇక్కడ మూడు అనుమానాలు ప్రతి ఇంట్లో వస్తాయి.

"మాది అసలు తేనె" అంటారు. రోడ్డు పక్కన బకెట్లో పట్టు పెట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర కొన్నా, పెద్ద కంపెనీ సీసా కొన్నా, చెట్టు మీంచి మీరే దించినా ఈ విషయంలో తేడా లేదు. నీళ్లలో చుక్క వేసి చూడడం, అగ్గిపుల్లకు రాసి గీయడం లాంటి పరీక్షలు బెల్లం పాకం కలిసిందా లేదా అన్న అనుమానం కోసం చేసేవి. స్పోర్లు కంటికి కనబడవు, రుచి మారదు, వాసన రాదు. కల్తీ లేకపోయినంత మాత్రాన స్పోర్లు లేనట్టు కాదు.

"వేడిచేసి ఇస్తాం" అంటారు. నీళ్లు మరిగే 100 డిగ్రీల దగ్గర కూడా స్పోర్లు చావవు. వాటిని చంపాలంటే ఒత్తిడి కింద 121 డిగ్రీల ఆవిరి కావాలి, ఆపరేషన్ సామాను శుద్ధిచేసే పద్ధతి అది. అందుకే ఉగ్గులో వేసి ఉడికించిన తేనె కూడా వద్దు.

"చూపుడువేలితో ఒక్క చుక్క" అంటారు. ఎన్ని చుక్కలైతే ప్రమాదమో ఎవరూ గీత గీయలేరు, ఎందుకంటే ఒక సీసాలో స్పోర్లు ఉండొచ్చు, పక్క సీసాలో ఉండకపోవచ్చు. ఊరికే ఉండే పాలపీకను తేనెలో ముంచి నోట్లో పెట్టే అలవాటు ఇంకా చెడ్డది, రోజుకు నాలుగైదు సార్లు వెళ్తుంది.

బాలింత మాత్రం తేనె తినొచ్చు. ఆమె తిన్న తేనెలోని స్పోర్లు పాలలోకి రావు.

ఎలా మొదలవుతుంది, ఎలా గుర్తుపట్టాలి

నాలుగు నెలల పాప అనుకుందాం. రెండు వారాలుగా రోజూ పొద్దున స్నానమయ్యాక తేనెలో వస అరగదీసి నాకిస్తున్నారు. ఒక సోమవారం నుంచి పాపకు విరేచనం కాలేదు. బుధవారానికి ఇంట్లో ఎవరో తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టమన్నారు. గురువారం పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతోంది, పెదవి చివర నుంచి పాలు కారుతున్నాయి. శుక్రవారం ఏడుపు పిల్లికూన ఏడుపులా సన్నగా ఉంది. రెప్పలు సగం వాలి ఉన్నాయి, నిద్రమత్తేమో అనుకున్నారు. ముఖంలో నవ్వు లేదు, చిరాకూ లేదు. ఎత్తుకుంటే వారం కిందటిదాకా నిలబెట్టిన మెడ వెనక్కి పడిపోతోంది. జ్వరం లేదు. జ్వరం లేదు కాబట్టి పెద్ద జబ్బు కాదని ఇంకో రోజు ఆగితే, తర్వాత దెబ్బ తగిలేది ఊపిరి తీసే కండరాలకు.

ఇందులో ఇంటివాళ్లు పొరబడే చోటు మొదటి రోజే. ఉత్త తల్లిపాలు తాగే పిల్లలకు నెల దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం దాకా విరేచనం కాకపోవడం మామూలే. మరి తేడా ఎలా? పాల మీద చూడండి. గట్టిగా చప్పరిస్తూ తాగుతోంది, కాళ్లూ చేతులూ ఆడిస్తోంది, గొంతెత్తి ఏడుస్తోంది, అయినప్పుడు విరేచనం మెత్తగా ఉంది అంటే భయం లేదు. విరేచనం ఆగింది, దాంతోపాటు చప్పరింపు నీరసపడింది అంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. చప్పరింపు, ఏడుపు, రెప్పలు, మెడ: ఈ నాలుగూ చూడండి.

వెళ్లగానే డాక్టరుతో మొదటి మాటే "తేనె నాకించాం, ఇన్ని రోజులుగా" అని చెప్పండి. మొహమాటపడి దాచిన ఇళ్లను చూశాను, చంటిపిల్లకు తేనె ఎందుకు పెట్టారని తిడతారేమోనని. తిట్టినా పడండి. ఎందుకంటే నీరసంగా వచ్చిన పసిపిల్లకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టే అవకాశం ఉంది, అది ఈ జబ్బులో నరాలకూ కండరాలకూ మధ్య ఉన్న అడ్డంకిని ఇంకా పెంచుతుంది. దారిలో నోట్లో ఏమీ పోయకండి, మింగే శక్తి తగ్గిన పిల్లకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి బరువుగా ఉంటే సొంత బండి వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో నిలోఫర్ ఆస్పత్రి తల్లులకోసం, పిల్లలకోసం ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి. ఇంకెక్కడికి వెళ్లినా పిల్లలకు వెంటిలేటర్ ఉన్న చోటికే వెళ్లండి.

సమయానికి చేరితే చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. కానీ నరం చివర్లు మళ్లీ చిగురించాలి, అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లూ ముక్కులో గొట్టంతో పాలు, కొందరికి యంత్రంతో ఊపిరి.

ఇది చదివేసరికే మీ పాపకు తేనె నాకించి ఉంటే కంగారుపడకండి. తేనె నాకిన ప్రతి పిల్లకూ ఈ జబ్బు రాదు, నిజానికి ఇది అరుదైనదే. వాంతి చేయించాల్సిన పనిలేదు. ఈ రోజు నుంచి ఆపేయండి. జబ్బు వస్తే సాధారణంగా మూడు రోజుల నుంచి 30 రోజుల లోపు బయటపడుతుంది, కాబట్టి నెల రోజులు ఆ నాలుగు గుర్తులు గమనించండి.

వసకొమ్ము, జాజికాయ

మాటలు త్వరగా వస్తాయని, నాలుక తిరుగుతుందని వస అరగదీసి పెడతారు. గలగలా మాట్లాడేవాణ్ణి "వసపిట్ట" అంటాం, అంత గట్టి నమ్మకం ఇది. అయితే వసలో బీటా అసరోన్ అనే నూనె పదార్థం ఉంటుంది. జంతువుల్లో అది క్యాన్సర్ తెప్పిస్తుందని తేలి, అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. మన దేశంలో పెరిగే వసలో ఆ పదార్థం మోతాదు ఎక్కువ. పసిపిల్లల్లో వెంటనే కనిపించేది వాంతులు. పైగా అది బురదనేలలో పెరిగే దుంప. సానరాయి మీద అరగదీసినప్పుడు దానిమీది మట్టి కూడా గంధంలో కలుస్తుంది, ఆ మట్టిలో కూడా తేనెలో ఉన్న స్పోర్లే ఉండొచ్చు. అంటే తేనె మానేసి తల్లిపాలలో అరగదీసి ఇచ్చినా పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. కొమ్మును దారానికి గుచ్చి చేతికి కడతారు, పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుంటుంది. అదీ వద్దు.

జాజికాయ నిద్రకోసం ఇస్తారు. నిద్ర వస్తుంది, నిజమే. ఆ నిద్ర మత్తు, మందు చేసే మేలు కాదు. అందులోని మిరిస్టిసిన్ మెదడు మీద పనిచేస్తుంది. ఎంత గీస్తే ఎంత వెళ్లిందో సానరాయి మీద ఎవరూ కొలవలేరు. రాత్రి జాజికాయ నాకిన పిల్ల పొద్దున పాలకు లేవకపోతే అది జాజికాయ మత్తా, జబ్బా అని డాక్టరుకు కూడా వెంటనే తెలియదు. గసగసాలూ అంతే.

కర్పూరం, ఆముదం: బయట రాసేవే కదా అనుకోకండి

ముద్దకర్పూరాన్ని కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాస్తారు, గుడ్డలో కట్టి ముక్కు దగ్గర పెడతారు. కర్పూరం చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. మోతాదు మించితే మూర్ఛ వస్తుంది, అదీ నిమిషాల్లో. రెండేళ్ల లోపు పిల్లలకు ఏ రూపంలోనూ వాడకండి. దేవుడి గూట్లో ఉన్న కర్పూరం బిళ్లల గురించి ఇంకా జాగ్రత్త కావాలి. పాకే పిల్లకు అది పటికబెల్లం ముక్కలాగే ఉంటుంది. పది కిలోల పిల్ల గ్రాములో మూడో వంతు మింగినా ఆస్పత్రిలో గమనించాల్సిందే, పూజ బిళ్ల ఒక్కదాంట్లోనే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. మింగిందని తెలిస్తే వాంతి చేయించకండి, వాంతి మధ్యలో మూర్ఛ వస్తే ఊపిరి ఆడదు. నీలగిరి తైలానికీ ఇదే మాట.

ఆముదం మాడుకు రాస్తే నష్టం లేదు. లాలపోసేటప్పుడు ముక్కులో రెండు చుక్కలు, గొంతులో ఒక చెంచా పోయడమే ప్రమాదం. నూనె బరువుగా జారుతుంది, దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది, అక్కడ నుంచి ఒంట్లో కరగదు. నూనె వల్ల వచ్చే ఆ నిమోనియా యాంటీబయాటిక్‌లకు లొంగదు. మా వార్డుకు ఇలాంటి పిల్లలు వచ్చేవాళ్లు, ఎక్స్‌రే చూసి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ముక్కులో నూనె పోశారా" అనే. తమలపాకు కాడ, సబ్బుముక్క మలద్వారంలో పెట్టడం కూడా మానేయండి, లోపలి పొర చాలా పల్చన, గీరుకుపోతుంది.

మరి ఏం చేయాలి

జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మందుల షాపులో పసిపిల్లల సెలైన్ చుక్కలు దొరుకుతాయి. ఉప్పునీళ్లే. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, నిమిషం ఆగి, బయటికి వచ్చినది మెత్తటి గుడ్డతో తుడవండి. సాంబ్రాణి పొగ, వాము పొగ వేయకండి, అప్పటికే వాచిన ముక్కు ఇంకా వాస్తుంది.

పొట్ట ఉబ్బరానికి మీ అమ్మ చేతులే పనికొస్తాయి. కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కుగా మెల్లగా రాయాలి. తర్వాత మోకాళ్లు పొట్టకు తాకేలా మడిచి చాపాలి, సైకిల్ తొక్కించినట్టు. తమలపాకుకు ఆముదం రాసి దీపం సెగ చూపి పొట్టమీద వేసే అలవాటుంటే వేయండి, కానీ ముందు మీ మణికట్టు లోపలి వైపు పెట్టుకుని పది అంకెలు లెక్కపెట్టండి. మీకు చురుక్కుమంటే పిల్లకు బొబ్బే.

ఏడాది నిండిన పిల్లకు దగ్గొస్తే అప్పుడు తేనె తీయండి. పడుకునే ముందు అర చెంచా, అంటే మందు సీసాతో వచ్చే కొలత మూతలో రెండున్నర మిల్లీలీటర్లు. రాత్రి దగ్గుకు అది నిజంగానే ఉపశమనం ఇస్తుంది, ఆ వయసుకు దుకాణాల్లో దొరికే చాలా దగ్గు సిరప్‌ల కంటే మేలు. అరకప్పు నీళ్లలో రెండు తులసి ఆకులు, గోరంత అల్లం ముక్క మరిగించి, గోరువెచ్చగా అయ్యాక రెండు మూడు చెంచాలు ఇచ్చినా పర్వాలేదు. తర్వాత పళ్లు తుడవండి.

తేనె, తులసి ఏదీ నిమోనియాను తగ్గించదు. దగ్గున్న పిల్ల నిద్రలోనో నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా ఎత్తి, పూర్తి నిమిషం గడియారం చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. ఆ అంకె చేరినా, దాటినా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా వంటింటి మందులు ఆపి బయల్దేరండి.

పేరు, కలిపిన సరుకు రాయని మాత్రలు, పొడులు ఎవరిచ్చినా ఏ వయసులోనూ వద్దు. వాటిలో సీసం, పాదరసం ఉంటే పిల్లల మెదడుకు నష్టం.

పెద్దవాళ్లతో ఎలా

ఆ రోజు అమ్మ నా మాటకు వెంటనే ఒప్పుకోలేదు. "మీ ముగ్గురికి ఇదే నాకిచ్చిన, మంచిగనే ఉన్నరు కదా" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. నేను వాదించలేదు. "అమ్మా, మన వాడకట్టుల పాలు తాగకుంట మెత్తబడి పోయిన పిల్లలు లేరా?" అని అడిగాను. కాసేపు ఆగి, ఇద్దరి ఇంటిపేర్లు చెప్పింది. అప్పట్లో దిష్టి అన్నారట, బాలారిష్టం అన్నారట. వాళ్లకు ఏ జబ్బు వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కానీ ఆ తర్వాత ఆమె తేనె సీసాను తనే పక్కకు జరిపింది.

పెద్దవాళ్ల చేతిలోంచి ఒకటి తీసుకుంటే ఇంకోటి పెట్టాలి. బారసాల నాడు బంగారు ఉంగరాన్ని మరిగే నీళ్లలో వేసి తీసి, చెల్లెలు పిండిన పాలలో ముంచి పాప పెదవికి తాకించింది అమ్మ. రోజూ నూనె రాయడం, లాలపోయడం ఆమె పనే. వస, జాజికాయ, కర్పూరం ఉప్పల్ ఇంట్లోంచి వెళ్లిపోయాయి. వాము, కరక్కాయ వంటింటి డబ్బాల్లోకి వెళ్లాయి, బాలింతకు పనికొస్తాయి.

మీరూ ఇంట్లో తేనె సీసా ఉంటే ఇప్పుడే ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క మూత మీద అంటించి, పాప మొదటి పుట్టినరోజు తేదీ పెన్నుతో రాయండి. ఇంటికొచ్చే మేనత్తకూ, పక్కింటి పెద్దమ్మకూ, పాపను చూసుకునే ఆయమ్మకూ వేరే చెప్పక్కర్లేదు. మా చెల్లెలి ఇంట్లో ఆ తేదీ అమ్మే రాసింది, వణికే చేత్తో, తెలుగు అంకెల్లో. సీసా పై అరలో, ఇంగువ డబ్బా వెనక ఉంది.